ఇన్సూరెన్స్ సొమ్ము అందాక ట్రాన్స్‌పోర్టు వారితో రాజీ పడవచ్చా?

ప్రశ్న: జూన్ 20న గుంటూరులో బుక్ చేసి కలకత్తా పంపిన మా మిరప టిక్కీలు దారిలో తడిసి 8 లక్షల నష్టం వచ్చింది. ఇన్సూరెన్స్ వారు 6 లక్షలిచ్చి సబ్రొగేషన్ లెటర్‌పై సంతకం చేయమంటున్నారు. ట్రాన్స్‌పోర్టు యజమాని మాత్రం 60 వేలిస్తాను, ఇక ఏ క్లెయిమూ లేదని రాసివ్వండి అంటున్నాడు. కిరాయి 50 వేలు. నేను రెండూ చేయవచ్చా?

జవాబు: రెండూ కలిపి చేయకూడదు. ట్రాన్స్‌పోర్టు యజమాని అడిగిన కాగితం అసలు రాసివ్వకండి. నష్టానికి కారకుడైన వాడిపై మీకున్న హక్కు, బీమా సంస్థ మీకు పరిహారం చెల్లించగానే, చెల్లించిన మేరకు ఆ సంస్థకు సంక్రమిస్తుంది. దీన్నే సబ్రొగేషన్ అంటారు. అయితే ఆ సంస్థకు వచ్చేది మీ హక్కే గనుక, మీరు దాన్ని వదులుకుంటే దానికి మిగిలేది ఏమీ ఉండదు. అప్పుడు 60 వేల కోసం సంతకం చేసిన మీరే, మీ వల్ల పోగొట్టుకున్న సొమ్మును బీమా సంస్థకు తిరిగి కట్టవలసి రావచ్చు.

ఇంతకన్నా తొందరగా చూసుకోవలసింది నోటీసు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షను ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు నష్టం గురించి రాతపూర్వక నోటీసు రవాణాదారుకు అందితేనే ఆ తరువాత దావా నడుస్తుంది. మీ విషయంలో ఆ గడువు డిసెంబరు 17తో ముగుస్తుంది. లెక్క నష్టం తెలిసిన రోజు నుంచి కాదు, బీమా సొమ్ము వచ్చిన రోజు నుంచి కూడా కాదు. నోటీసు పంపడం బీమా సంస్థ పని అనుకుని ఊరుకోకండి. రవాణాదారుపై హక్కులు చెడకుండా కాపాడే బాధ్యతను సరుకు రవాణా పాలసీలు సాధారణంగా పాలసీదారు మీదే పెడతాయి. నేను చూసిన ఒక కేసులో వ్యాపారి సకాలంలోనే నోటీసు పంపాడు గాని, ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు, ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు కంపెనీకి కాకుండా దారిలో సరుకు మోసిన అద్దె లారీ యజమానికి పంపాడు. ఆ ఒక్క చిరునామా పొరపాటుతో కేసు బలహీనపడింది. కాబట్టి ఎల్‌ఆర్ పైభాగంలో అచ్చయి ఉన్న పేరుకే, బుకింగ్ తేదీ, ఎల్‌ఆర్ నంబరు, తడిసిన టిక్కీల సంఖ్య, నష్టం మొత్తం రాసి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపి, అందినట్లు వచ్చే రసీదును భద్రపరచండి.

ఇక లెటర్ సంగతి. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎకనమిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్, చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో ఈ విషయాన్ని వివరంగా తేల్చింది. వట్టి సబ్రొగేషన్ లెటర్ అయితే దావా మీ పేరుతోనే, లేదా మీరూ సంస్థా కలిసి వేయాలి. అందులో హక్కులను పూర్తిగా బదిలీ చేసే అసైన్‌మెంటు మాట కూడా ఉంటే సంస్థ తన సొంత పేరుతో వేసుకోవచ్చు, వసూలైనదంతా తనే ఉంచుకోవచ్చు. మీరు తేడా చూడవలసింది ఇక్కడే.

రవాణాదారు ఎక్కువ బాధ్యతకు ఒప్పుకుని ఎక్కువ రిస్కు రేటు తీసుకోకపోతే అతని బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్లకే పరిమితం, అంటే మీ కేసులో 5 లక్షలు. అది పూర్తిగా వసూలైందనుకుందాం. లెటర్‌లో వేరే షరతు లేకపోతే, మీకు ఇంకా రావలసిన 2 లక్షలు ముందు మీకు చెంది, మిగతా 3 లక్షలు సంస్థకు పోతాయి. అసైన్‌మెంటు మాట ఉన్న లెటర్ అయితే మొత్తం 5 లక్షలూ సంస్థవే. కాబట్టి సంతకానికి ముందు, బీమా చెల్లించని నష్టం వసూళ్లలో మొదట మీకు చెందుతుందని ఒక వాక్యం చేర్చమని రాతపూర్వకంగా కోరండి. అందుకు ఒప్పుకోకపోయినా, కనీసం మీరు దేనికి సంతకం చేస్తున్నారో మీకు తెలిసి ఉంటుంది.

దావాలో రవాణాదారు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కరలేదు. వాన దైవాధీనమని అతను వాదించినా, తగిన జాగ్రత్తతో తప్పించగలిగిన నష్టానికి ఆ వాదన పనికిరాదు. కాని సరుకు తడిసే చేరిందని చూపే కాగితం కావాలి. డెలివరీ కాపీపై మీ ఏజెంటు "ఇన్ని టిక్కీలు తడిసినవి, టార్పాలిన్ చిరిగి ఉంది" అని రాసి, డ్రైవరు సంతకం తీసుకున్నాడేమో చూడండి. ఏమీ రాయకుండా సంతకం చేసి ఉంటే సర్వేయరు రిపోర్టు, ఫొటోల మీద ఎక్కువ ఆధారపడవలసి వస్తుంది. వాటి నకళ్లు, ఇన్వాయిస్, అసలు ఎల్‌ఆర్ మీ దగ్గర ఉంచుకోండి. దావా వేయడానికి నష్టం జరిగిన నాటి నుంచి మూడేళ్ల గడువుంది. మీ పేరుతో వేస్తే వకాలతుపై సంతకం చేయడం, పిలిచినప్పుడు సాక్ష్యం చెప్పడం మీ బాధ్యతే. ట్రాన్స్‌పోర్టు యజమాని మళ్లీ ఫోన్ చేస్తే, రాజీ ప్రతిపాదనను కాగితం మీద పెట్టమని చెప్పి దాన్ని బీమా సంస్థకు పంపండి. ఆ సంస్థ లిఖితపూర్వకంగా అంగీకరిస్తే తప్ప ఒక్క రూపాయి కూడా తీసుకోకండి.