వెయ్యి డాలర్ల బిల్లులో మిగతా డబ్బు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: ఒంగోలులో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేస్తుంటాను. అమెరికా క్లయింట్‌కి 1,000 డాలర్ల ఇన్వాయిస్ పంపితే బ్యాంకు వైర్‌లో డబ్బు పంపాడు. ఆ రోజు గూగుల్‌లో డాలర్ 86 రూపాయలు. నా ఖాతాలో మాత్రం 82,139 పడ్డాయి. మోసపోయానా? పేపాల్‌కి మారితే మేలా?

జవాబు: మోసం కాదు. కానీ 3,861 రూపాయలు, అంటే దాదాపు నాలుగున్నర శాతం పోయింది. ఇందులో పెద్ద భాగాన్ని మీరు ఆపగలరు. అందుకు ముందు ఏ కోత ఎక్కడ పడిందో విడదీయాలి.

మీ బ్యాంకుకి వెళ్లి, ఈ చెల్లింపు గురించి పంపిన బ్యాంకు నుంచి వచ్చిన స్విఫ్ట్ సందేశం కాపీ, మార్పిడి వివరాల కాగితం అడగండి. మీ అంకెకు సరిపోయే లెక్క ఒకటి ఇలా ఉంటుంది. క్లయింట్ బ్యాంకుకీ మీ బ్యాంకుకీ మధ్యలో ఉన్న బ్యాంకు 25 డాలర్లు తీసుకుంది, అంటే 2,150 రూపాయలు. మిగిలిన 975 డాలర్లను మీ బ్యాంకు 86కి బదులు 84.70 రేటుకు కొన్నది. అక్కడ పోయింది 1,267. ఇక బ్యాంకు ఛార్జీ 250, దానిమీద జీఎస్టీ 45, మార్పిడి మీద జీఎస్టీ 149 కలిపి 444. మూడూ కూడితే మీ 3,861 వస్తుంది. మీ కాగితాల్లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు గానీ, కోతలు పడే చోట్లు మాత్రం ఈ మూడే.

చాలామంది కళ్లు ఛార్జీ మీదే ఉంటాయి. రేటులో పోయేది స్టేట్‌మెంట్‌లో విడిగా కనిపించదు కాబట్టి దాన్ని పట్టించుకోరు. గూగుల్ చూపేది మార్కెట్ మధ్య రేటు. ఖాతాకు వచ్చిన డాలర్లను బ్యాంకు కొనే రేటు వేరు, దాన్ని టీటీ బయింగ్ రేటు అంటారు. కాబట్టి ఏ దారిలో డబ్బు వచ్చినా, చేతికొచ్చిన రూపాయలను ఇన్వాయిస్‌లోని డాలర్లతో భాగించి చూసుకోండి. మీకు ఈసారి దక్కిన అసలు రేటు 82.14. "జీరో ఫీజు" అనే ప్రకటనల్ని కూడా ఈ ఒక్క అంకెతోనే పరీక్షించండి.

ఇప్పుడు ఆ 25 డాలర్ల సంగతి. స్విఫ్ట్ కాపీలో ఛార్జీల దగ్గర ఒక కోడ్ ఉంటుంది. `OUR` అంటే ఖర్చంతా పంపేవారిది, `SHA` అంటే ఇద్దరిదీ, `BEN` అంటే మొత్తం మీదే. కొత్త ఫార్మాట్ కాపీలో ఇవే `DEBT`, `SHAR`, `CRED`గా కనిపిస్తాయి. ఎవరూ ఏమీ చెప్పకపోతే సాధారణంగా `SHA`యే పడుతుంది. అందుకే పని ఒప్పుకునేటప్పుడే ఈ మాట మాట్లాడుకొని, ఇన్వాయిస్‌లో ఈ లైన్ పెట్టండి:

```
Please send by wire with charges OUR.
```

`OUR` పెట్టినా మధ్య బ్యాంకు ఒక్కోసారి కోస్తుంది. అప్పుడు కాపీ చూపించి, తక్కువ పడిన మొత్తాన్ని తర్వాతి బిల్లులో కలపమని క్లయింట్‌ని అడగవచ్చు. క్లయింట్ ఐబాన్ నంబర్ అడిగితే కంగారుపడొద్దు. మన దేశంలో అది లేదు. ఖాతా నంబర్, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇస్తే చాలు.

పేపాల్ విషయానికొస్తే, మీ సైజు బిల్లుకి అది నష్టం. విదేశీ చెల్లింపుకి అక్కడి మామూలు రుసుము 4.4 శాతం, ఆ పైన 30 సెంట్లు. అంటే ఇక్కడే 44 డాలర్లు పోయాయి. రూపాయల్లోకి మార్చేటప్పుడు రేటులో మళ్లీ కోత ఉంటుంది. కానీ 40 డాలర్ల చిన్న బిల్లుకి లెక్క తిరగబడుతుంది. వైర్‌లో 25 డాలర్లు పోతే మీకు మిగిలేది పదిహేనే. పేపాల్ రుసుమేమో రెండు డాలర్ల పైచిలుకు. చిన్న పనులైతే విడివిడిగా బిల్లులు వేయకుండా నెలకొక ఇన్వాయిస్‌గా కలిపి వైర్‌లో తెప్పించుకోవడం ఇంకా మంచిది.

మూడో దారి పేయోనీర్ లాంటి సంస్థలు మీకిచ్చే అమెరికా ఖాతా వివరాలు. క్లయింట్ తన దేశంలోనే మామూలు ఏసీహెచ్ బదిలీ చేస్తాడు కాబట్టి మధ్య బ్యాంకుల కోత ఉండదు. సంస్థ తన రుసుము తీసుకుంటుంది. ఎంచుకునే ముందు రెండే అడగండి: వెయ్యి డాలర్లకు చివరికి ఎన్ని రూపాయలు, ప్రతి చెల్లింపుకీ విదేశీ రాబడి ధ్రువపత్రం (ఎఫ్‌ఐఆర్‌ఏ) ఇస్తారా. ఆ పత్రం లేని దారి ఎంత చౌకైనా నేనైతే వద్దనే చెబుతాను. మీ ఆదాయం ఎగుమతి సేవ అని జీఎస్టీ, ఆదాయపు పన్ను వాళ్లకు చూపించే రుజువు అదే.

వైర్‌తోనే కొనసాగితే మీ బ్రాంచి కూడా ముఖ్యం. ఒంగోలులో చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుల ఖాతాలు చూసే బ్రాంచిలకు డాలర్ల వ్యవహారం కొత్త కాదు. అలాంటి చోట టీటీ బయింగ్ రేటు ముందే అడిగి, బిల్లు పెద్దదైతే కొంచెం పెంచమని కూడా అడగండి. డబ్బు వచ్చినప్పుడు అది ఏ పనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు. మీ పని సాఫ్ట్‌వేర్ సలహా, అమలు కిందకు వస్తే `P0802` పడుతుంది. అది ఇవ్వడం ఆలస్యమైతే డబ్బు బ్యాంకు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఇన్వాయిస్ కాపీతో పాటు ముందే బ్రాంచికి మెయిల్ చేసి పెట్టండి.