సోలార్ కుక్కర్‌లో నీళ్లు 60 దగ్గరే ఆగిపోతుంటే

ప్రశ్న: మా బాబు స్కూల్ ప్రాజెక్టుకు అట్టపెట్టె, అల్యూమినియం ఫాయిల్, పైన అద్దంతో సోలార్ కుక్కర్ చేశాం. ఎంత ఎండ ఉన్నా నీళ్లు 60 డిగ్రీలు దాటడం లేదు. లోపం ఎక్కడుందో, అసలు ఎంత వేడి పడుతోందో థర్మామీటర్‌తో ఎలా తెలుసుకోవాలి? మాది పరకాల.

జవాబు:

ముందు ఒక సంగతి చూడండి. గిన్నెకు మూత పెట్టారా? అద్దం లోపలివైపు ఆవిరి పట్టి మసకబారుతోందా? మసకబారుతుంటే మీ జబ్బు దాదాపు ఖాయంగా అదే. నేనూ అక్కడే మూడు రోజులు పోగొట్టుకున్నాను.

పోయినేడు ఫిబ్రవరి చివర్లో, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం హనుమకొండలో మా డాబా మీద ఇలాంటిదే చేశాం. ఒక పెద్ద అట్టపెట్టెలో చిన్నది పెట్టి, మధ్య సందులో రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక నింపాం. లోపలి గోడలకు మైదా జిగురుతో ఫాయిల్ అతికించాం. పైన 40 సెంటీమీటర్ల చదరపు కిటికీ అద్దం, వెనక ఫాయిల్ అంటించిన ఒక అట్ట రెక్క. గిన్నెకు బయట బ్లాక్‌బోర్డ్ రంగు వేసి, వాసన పోయేదాకా ఖాళీగా ఎండలో ఉంచాం. సందులో ఊకకు బదులు థర్మాకోల్ పెట్టకండి. లోపలి వేడికి అది ముడుచుకుపోతుంది.

అద్దంలోంచి లోపలికి చూడటానికి బాగుంటుందని గిన్నెకు మూత పెట్టలేదు. నీళ్లు 64 డిగ్రీల దగ్గర మొండికేశాయి. నేను రెక్క వంపు మారుస్తూ, ఫాయిల్ తుడుస్తూ కూర్చున్నాను. మా అమ్మ డాబా మీదికి బట్టలు ఆరేయడానికి వచ్చి చూసి, "మూత పెట్టకుంటే అన్నమన్నా ఉడుకుతదా బిడ్డా?" అంది.

ఆ రోజు సాయంత్రం వంటింటి కాటా మీద గిన్నె తూచాం. పొద్దున పోసినవి 1000 గ్రాముల నీళ్లు, మిగిలినవి 930. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.3 కిలోజౌళ్లు తీసుకుంటుంది. అంటే పోయిన 70 గ్రాములు సుమారు 160 కిలోజౌళ్లు పట్టుకుపోయాయి. అంత వేడి లీటరు నీళ్లను ఇంకో 38 డిగ్రీలు పెంచగలదు. ఎండ బాగానే ఇచ్చింది, మేమే ఆవిరికి ధారపోశాం. పైగా ఆ ఆవిరి అద్దానికి పట్టి వచ్చే ఎండకు అడ్డం పడింది, కింద అట్టను తడిపింది. కాబట్టి మీరూ ముందూ తర్వాతా నీళ్లు తూచండి. థర్మామీటర్ చెప్పని విషయం కాటా చెబుతుంది.

ఇక కొలవడం. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరికే గాజుది పొడవుగా ఉండి పెట్టెలో పట్టదు. తీగ చివర సెన్సార్ ఉండే డిజిటల్ రకం తీసుకోండి. కరుగుతున్న ఐసులో పెడితే 0, మరిగే నీళ్లలో పెడితే 99 దరిదాపుల్లో చూపించాలి. మూతకు మేకుతో బెజ్జం చేసి తీగ దించండి. సెన్సార్ గిన్నె అడుగుకు తగలకుండా, ఒక వేలు మందం పైన నీళ్లలో ఉండాలి. తగిలితే అది లోహం వేడి చెబుతుంది, నీళ్లది కాదు. బయటి గాలి కోసం ఇంకో థర్మామీటర్ నీడలో, డాబా నేలకు ఎత్తుగా వేలాడదీయండి. నీళ్లు ఎన్ని పోయాలంటే, కుక్కర్లను పరీక్షించేవాళ్లు ఎండ పట్టే ఒక్కో చదరపు మీటరుకు 7 కిలోల లెక్క వాడతారు. మా అద్దం 0.16 చదరపు మీటర్లు, దానికి కిలో చిల్లర వస్తుంది. మేం లెక్క తేలిగ్గా ఉండాలని సరిగ్గా ఒక కిలో పోశాం.

మూత పెట్టాక వచ్చిన రీడింగులు ఇవి. 10:30కి 30 డిగ్రీలు, 11:00కి 48, 11:30కి 63, 12:00కి 74, 12:30కి 81, 1:00కి 85. బయటి గాలి ఈలోపు 31 నుంచి 35కి పెరిగింది.

85 వచ్చిందని సంబరపడి ఆగిపోకండి, అసలు సంగతి మధ్యలో ఉంది. ప్రతి అరగంటకు నీళ్లలోకి ఎన్ని వాట్లు వెళ్లాయో ఇలా చూడండి:

```
వాట్లు = కిలోలు × 4186 × పెరిగిన డిగ్రీలు ÷ సెకన్లు
1 × 4186 × 15 ÷ 1800 = 35
```

4186 అంటే కిలో నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి కావాల్సిన జౌళ్లు. పై లెక్క 11:00 నుంచి 11:30 వరకు. ఆ తర్వాతి అరగంటల్లో వరుసగా 26, 16, 9 వచ్చాయి. మొదటి అరగంటది 42, కానీ దాన్ని లెక్కలోంచి తీసేయండి. అప్పుడు పెట్టె, గిన్నె కూడా వేడెక్కుతూ తమ వాటా తీసుకుంటాయి.

వాట్లు ఎందుకు పడిపోయాయి? ఎండ తగ్గి కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమర ఉన్నాం. దానికి తోడు ఫిబ్రవరిలో సూర్యుడు గడియారం కంటే కాస్త వెనకబడతాడు. అందుకే ఆ నెల చివర్లో ఇక్కడ సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండేది 12:25 ప్రాంతంలో. అంటే 12 నుంచి 1 దాకా మంచి ఎండే. వచ్చే వేడి అంతే ఉంది, బయటికి పోయేది పెరిగింది. నీళ్లు గాలికంటే ఎంత వేడిగా ఉంటే నష్టం అంత ఎక్కువ.

గళ్ల కాగితం మీద అడ్డంగా ఆ అరగంటలో నీళ్లకూ గాలికీ ఉన్న సగటు తేడా, నిలువుగా వాట్లు పెట్టి చుక్కలు కలపండి. మాకు తేడా 23 ఉన్నప్పుడు 35 వాట్లు, 48 ఉన్నప్పుడు 9. అంటే ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు ఒక వాటు కారిపోతోంది. గీతను పొడిగిస్తే 57 దగ్గర సున్నా అవుతుంది. 35 డిగ్రీల గాలిలో ఆ పెట్టె నీళ్లను ఎంతసేపుంచినా 92 దాటించలేదన్నమాట. గీత మొత్తం కిందికి ఉంటే లోపం రెక్క, అద్దం, నలుపు రంగుల్లో వెతకండి. నిటారుగా పడిపోతుంటే కారుతున్న చోటు వెతకండి.

మాది బాగా నిటారు అనిపించి, వెలిగించిన అగరుబత్తిని అద్దం అంచుల వెంట తిప్పాం. ఒక మూల దగ్గర పొగ ఎగిరిపోయింది. కంటికి సందు కనిపించలేదు, అట్ట వంగి ఉంది. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి చుట్టూ అంటించి, అద్దం మీద రెండు చిన్న రాళ్లు పెట్టాం. మర్నాడు అదే వేళకు, 1 గంటకు, 91 వచ్చింది. అద్దం రెండు పొరలు వేస్తే ఇంకా పెరుగుతుంది, కానీ బరువుకు మా అట్ట ఆగదని వదిలేశాం.

గమనించండి, 35 వాట్లంటే అద్దం మీద పడిన ఎండలో సుమారు నాలుగో వంతే. నేను మధ్యాహ్నపు ఎండను చదరపు మీటరుకు 850 వాట్లు అనుకుని వేసిన అంచనా ఇది. కొలిచే పరికరం లేదు, రెక్క తిప్పే ఎండను కలపలేదు. కాబట్టి ప్రాజెక్టు చార్టు మీద సామర్థ్యం శాతం రాయకుండా వాట్లే రాయించండి. మబ్బు అడ్డం వచ్చిన అరగంటను కూడా కొట్టేయండి.

మీరు ముందు మూత పెట్టి, ట్యూబు పట్టీ వేసి, 10:30 నుంచి 1 దాకా అరగంటకొక రీడింగు, నీళ్ల బరువు రాసి ఇక్కడ పెట్టండి. గీత చూసి చెబుతాను.