స్లైడ్‌లో ఉన్నంతే జవాబు

ప్రశ్న: తిరుపతిలో ఎంబీఏ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. బంగారుపాళ్యం మండలంలో తోతాపురి మామిడి రైతుల మీద ప్రాజెక్టు చేశాను. 14 స్లైడ్ల పీపీటీ సబ్మిట్ చేసేశాను, ఇక మార్చడానికి లేదు. మంగళవారం వైవా. పీపీటీలో లేనిది ఒక్క ముక్క కూడా చెప్పొద్దని గైడ్ గారు గట్టిగా చెప్పారు. ఏ ప్రశ్నలు వస్తాయో ఎలా ఊహించాలి? పీపీటీ దాటకుండా జవాబులు ఎలా రాసుకోవాలి?

జవాబు: నువ్వు పంపిన స్లైడ్లు రెండుసార్లు చదివానమ్మా. మీ గైడ్ మాట సరైనదే. ఎక్స్‌టర్నల్ చేతిలో నీ స్లైడ్ల ప్రింటు ఉంటుంది. అందులో లేని అంకె నీ నోట వచ్చిందంటే "ఇది ఏ స్లైడ్లో ఉంది?" అన్నదే ఆయన తర్వాతి ప్రశ్న. అక్కడ తడబడితే సరిగ్గా చెప్పిన వాటి మీద కూడా అనుమానం పడుతుంది.

ప్రశ్నల కోసం బయట వెతకొద్దు. ప్రింటు ముందు పెట్టుకుని, నువ్వు గట్టిగా తేల్చి చెప్పిన ప్రతి వాక్యం కిందా, ప్రతి అంకె కిందా పెన్సిల్‌తో గీత గీయి. ఒక్కో గీత దగ్గర ఆగి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతమంది చెప్పారు, దేనితో పోల్చావు అని అడుగు. ఎక్కువ ప్రశ్నలు చివరి సూచనల స్లైడ్ మీదే పడతాయి, అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టి వెనక్కి రా. నీ 13వ స్లైడ్లో "నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి అమ్మితే రైతు ఆదాయం పెరుగుతుంది" అని ఉంది. దానికి ఆధారం 10వ స్లైడ్లోని పట్టిక ఒక్కటే. రైతులు చెప్పిన సగటు ధర మండీలో కిలోకు 5 రూపాయలు, ఫ్యాక్టరీ దగ్గర 7 రూపాయలు.

కాబట్టి "నేరుగా అమ్మితే రైతుకు ఎంత మిగులుతుంది?" అని తప్పకుండా అడుగుతారు. నువ్వు రాసుకున్న జవాబు "రవాణా ఖర్చు పోయినా కిలోకు 2 రూపాయలు మిగులుతుంది సార్" అని ఉంది. రవాణా మాట నీ పీపీటీలో ఎక్కడా లేదు. 7లోంచి 5 తీసేస్తే వచ్చే 2 మాత్రం చెప్పొచ్చు. రెండు అంకెలూ స్లైడ్లో ఉన్నాయి, తీసివేత ఎవరైనా సరిచూసుకోవచ్చు. కానీ అది ధరలో తేడా, మిగులు కాదు. ఇలా మార్చి రాసుకో: "10వ స్లైడ్ ప్రకారం సగటు ధరలో తేడా కిలోకు 2 రూపాయలు సార్. 6వ స్లైడ్లో మేం అడిగిన అంశాల జాబితా ఉంది, అందులో రవాణా ఖర్చు లేదు. అందువల్ల ఎంత మిగులుతుందో ఈ సర్వే చెప్పలేదు." సర్వేలో అడగలేదన్న సంగతికి కూడా స్లైడ్ చూపించావు గమనించు. "ఆదాయం పెరుగుతుందని రాశారు కదా?" అని రెట్టిస్తే, పట్టిక చూపేది ఎక్కువ ధర వరకే అని ఒప్పుకో. ఆ వాక్యాన్ని వెనకేసుకు రావడానికి కొత్త కారణాలు వెతకొద్దు.

మన జిల్లావాళ్లు తప్పక అడిగేది ఇంకోటి ఉంది. నీ సర్వే 2025 జూన్, జూలైలో జరిగింది. ఆ సీజన్లో కిలోకు 12 రూపాయలు దక్కాలని, ఫ్యాక్టరీలు 8 ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. "నీ 7 రూపాయల్లో ఆ 4 కలిసిందా?" అంటారు. పేపర్లో చదివింది, మీ ఇంట్లోవాళ్లు చెప్పింది వరసగా చెప్పేయాలనిపిస్తుంది. నీ స్లైడ్లో మాత్రం "రైతులు చెప్పిన ధర" అని ఉందే తప్ప సబ్సిడీ ఊసు లేదు. "రైతులు చెప్పిన ధర అని మాత్రమే నమోదు చేశాం సార్, సబ్సిడీని విడిగా చూపలేదు" అని ఆపెయ్యి.

జవాబులు రాసే కాగితం మీద పక్కన స్లైడ్ నంబరుకు ఒక గడి పెట్టుకో. తర్వాత నీ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని స్నేహితురాలికి ప్రింటు ఇచ్చి, నువ్వు జవాబు చదువుతుంటే ఒక్కో మాటకీ స్లైడ్ మీద వేలు పెట్టి చూపించమను. వేలు ఆగిన చోట ఆ మాట కొట్టెయ్యి. "చిత్తూరు రైతులు" అన్న చోటల్లా వేలు ఆగుతుంది, ఎందుకంటే 5వ స్లైడ్లో ఉన్నది నాలుగు గ్రామాల 60 మంది రైతులే. "మేం కలిసిన 60 మందిలో" అని మార్చుకో.

ఒక లోపం నువ్వు చూసినట్టు లేదు. 5వ స్లైడ్లో 60 మంది, 11వ స్లైడ్ పట్టికలో అంకెలు కూడితే 57. ముగ్గురు ఏమయ్యారో ఎక్కడా రాయలేదు. వాళ్లు జవాబు ఇవ్వలేదేమో అని అప్పటికప్పుడు అల్లి చెప్పొద్దు. ఈ రాత్రికే సర్వే ఫారాలు తీసి లెక్కపెట్టి, కారణం తెలిస్తే వైవాకు ముందే గైడ్ గారికి చెప్పు. ఎక్స్‌టర్నల్‌కు ఆ కారణం చెప్పాలా వద్దా అన్నది ఆయన్నే అడుగు. ఆయన వద్దంటే, "11వ పట్టికలో 57 మందే ఉన్నారు సార్, మిగతా ముగ్గురి వివరం స్లైడ్లో ఇవ్వలేదు" అన్నదే నీ జవాబు.