నష్టం చూపించే బ్రాకెట్‌ను ఆపేయాలా?

ప్రశ్న: మా వర్క్‌షాప్‌లో ఉన్నది ఒక్కటే మిల్లింగ్ మెషిన్. నెలకు 200 గంటలు నడుస్తుంది. పంపు బాడీ, గేర్ కవర్, బ్రాకెట్ మూడూ దాని మీదే చేయాలి. పంపు బాడీకి 2,400 రూపాయలు వస్తాయి, మెటీరియల్, టూల్స్, కరెంటు, రవాణా కలిపి 1,500 ఖర్చు. కవర్ 1,100కు అమ్ముతాం, ఖర్చు 600. బ్రాకెట్ 450, ఖర్చు 290. మెషిన్ మీద బాడీకి 90 నిమిషాలు, కవర్‌కు 30, బ్రాకెట్‌కు 12 పడుతుంది. నెలకు 100 బాడీలు, 160 కవర్లు, 400 బ్రాకెట్లు అడుగుతున్నారు, అన్నీ చేయలేకపోతున్నాం. అద్దె, జీతాలు, మెషిన్ కిస్తీ నెలకు 1,20,000. దాన్ని 660 పీసులకూ పంచితే బ్రాకెట్ మీద ఒక్కోదానికి 22 రూపాయలు నష్టమని మా అకౌంటెంట్ అంటున్నారు. అందుకే ముందు బాడీలన్నీ చేసి, మిగిలిన టైమ్‌లో కవర్లు చేస్తున్నాం. బ్రాకెట్లు ఆపేశాం. అయినా నెలాఖరుకు పెద్దగా ఏమీ మిగలడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: ఆపాల్సింది బ్రాకెట్ కాదండీ, తగ్గించాల్సింది పంపు బాడీ. ఎందుకో చెబుతాను, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు ఆ 22 రూపాయల నష్టం సంగతి. అకౌంటెంట్ గారి కూడికలు, భాగహారాలు తప్పేమీ కాదు. కానీ మీరు బ్రాకెట్లు మానేసిన నెలలో అద్దె తగ్గిందా? కిస్తీ తగ్గిందా? ఆపరేటర్‌కు నెల జీతమే కాబట్టి అదీ తగ్గలేదు. మెషిన్ మీద ఏం ఎక్కించినా ఆ 1,20,000 కట్టాల్సిందే. కాబట్టి ఏది చేయాలి అని నిర్ణయించేటప్పుడు దాన్ని పీసులకు పంచకుండా పక్కన పెట్టండి. అమ్మకం ధరలోంచి, ఆ పీసు చేయడం వల్లే అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేదాన్ని కాంట్రిబ్యూషన్ అంటాం. బాడీకి 900, కవర్‌కు 500, బ్రాకెట్‌కు 160. అంటే బ్రాకెట్ కూడా మీ అద్దెకు ఎంతో కొంత తెచ్చిపెడుతోంది.

ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. 900 పెద్దది కదా అని బాడీనే ముందు పెడతారు. మీకు కొరత పీసులది కాదు, ఆర్డర్లదీ కాదు. మెషిన్ గంటలది. అందుకని ఒక్కో గంటకు ఏది ఎంత తెస్తుందో చూడాలి. బాడీకి గంటన్నర పడుతుంది, కాబట్టి గంటకు 600. గంటలో రెండు కవర్లు అవుతాయి, 1,000. బ్రాకెట్లు ఐదు అవుతాయి, 800. వరుస పూర్తిగా మారిపోయింది చూడండి: కవర్ మొదట, బ్రాకెట్ తర్వాత, బాడీ చివర.

ఇప్పుడు మీరు చేస్తున్నదాన్ని లెక్క వేద్దాం. 100 బాడీలకు 150 గంటలు పోయి 90,000 వస్తుంది. మిగిలిన 50 గంటల్లో 100 కవర్లు, 50,000. మొత్తం 1,40,000. అందులోంచి 1,20,000 తీసేస్తే 20,000. పెద్దగా ఏమీ మిగలడం లేదన్నది దీని గురించే అనుకుంటాను.

కొత్త వరుసలో ముందు 160 కవర్లూ చేయండి. 80 గంటలు, 80,000. తర్వాత 400 బ్రాకెట్లు. మరో 80 గంటలు, 64,000. మిగిలిన 40 గంటల్లో 26 బాడీలు అవుతాయి, 23,400. మొత్తం 1,67,400. అన్ని ఖర్చులూ పోను 47,400. అదే మెషిన్, అవే గంటలు. నష్టమని పక్కన పెట్టిన బ్రాకెట్ వచ్చి చేరితే లాభం రెట్టింపు దాటింది.

అయితే ఈ వరుసను గోడకు అంటించే ముందు ఒక పని చేయండి. మీరిచ్చిన 12 నిమిషాల్లో సెటప్ కలిసి ఉందా? నేను ఉందనుకునే లెక్క వేశాను. మామూలుగా షాపులో అడిగితే కటింగ్ టైమే చెబుతారు. పాత ఫిక్స్చర్ విప్పి కొత్తది బిగించడం, టూల్స్ మార్చడం, మొదటి పీసు కొలిచి సరిచేయడం లెక్కలోకి రావు. ఆ సెటప్‌కు గంట పడుతుందనుకుందాం. ఒకేసారి 100 బ్రాకెట్లు చేస్తే ఒక్కోదాని మీద పడేది నిమిషం లోపే, పర్వాలేదు. కానీ కస్టమర్ తొందరపెట్టాడని పదేసి చేస్తే ఒక్కోదానికి 6 నిమిషాలు కలిసి 12 కాస్తా 18 అవుతుంది. అప్పుడు గంటకు వచ్చేది దాదాపు 533. బాడీలకు కూడా గంట సెటప్ వేసి 25 చొప్పున చేస్తే వాటికి గంటకు 584 దాకా వస్తుంది. అంటే చిన్న చిన్న బ్యాచుల్లో బ్రాకెట్ చివరి స్థానానికి జారిపోతుంది. ఒక వారం పాటు మెషిన్ పక్కన నోట్‌బుక్ పెట్టి, ఏ పని ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది రాయించండి. పాత జాబ్ చివరి పీసు దిగినప్పటి నుంచి కొత్త జాబ్ మొదటి మంచి పీసు వచ్చేదాకా పోయిన టైమంతా కొత్త జాబ్ ఖాతాలోనే వేయాలి.

మెషిన్ నిజంగానే అడ్డంకిగా ఉందో లేదో కూడా ఆ వారంలోనే తెలుస్తుంది. దాని ముందు ఎప్పుడూ కాస్టింగులు పేరుకుపోయి ఉంటే అవును. మెషిన్ ఖాళీగా ఉండి డ్రిల్లింగ్ దగ్గరో పెయింటింగ్ దగ్గరో కుప్ప పడుతుంటే ఈ వరుస పనికిరాదు. ఆ చోటి గంటలతో మళ్లీ లెక్కించాలి. రెండు చోట్లా ఇరుకుంటే ఇలా ఒక వరుసతో తేలదు, ఎక్సెల్‌లో సాల్వర్ పెట్టి చేయాలి.

బాడీలు తగ్గిస్తే ఆ కస్టమర్ ఊరుకుంటాడా అన్నది అసలు టెన్షన్. ఆయనే కవర్లు కూడా మీ దగ్గర కొంటుంటే, ఒకటి కావాలంటే రెండూ ఇవ్వాలని పట్టుబడితే, బాడీ, కవర్ కలిపి ఒక జతగా చూడండి. జతకు 1,400, రెండు గంటలు. గంటకు 700. అప్పుడు విడిగా అమ్ముడయ్యే కవర్లు మొదట, బ్రాకెట్లు రెండోది, ఈ జత మూడోది. బ్రాకెట్ అప్పుడు కూడా ఆపకూడదు.

చివరగా ఓవర్‌టైమ్. కొందరు కవర్ రేటు చూసి, ఒక్కో అదనపు గంటకు 1,000 వస్తుందనుకుంటారు. మీకు కవర్లు, బ్రాకెట్ల ఆర్డర్లు పూర్తయిపోతాయి కాబట్టి అదనపు గంటలో చేసేది బాడీలే. ఆ గంట విలువ 600. ఆపరేటర్‌కు ఇచ్చే అదనపు డబ్బు, ఆ గంట వల్లే అయ్యే ఇతర ఖర్చులు కలిపి 600 లోపు ఉంటే నడపండి, దాటితే వద్దు. బాడీలకు కరెంటు, టూల్స్ ఖర్చు ముందే 1,500లో ఉంది, దాన్ని మళ్లీ కలపకండి. మొత్తం ఆర్డర్లకు 310 గంటలు కావాలి కాబట్టి, 110 అదనపు గంటలు దాటాక ఆ 600 కూడా రాదు.