స్టేటస్ నాన్న కోసమైతే, నాన్నతోనే చెప్పు

"మేడమ్, మాది ప్రొద్దుటూరు. నీట్‌లో 353 వచ్చింది, కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. బయాలజీలో 66 రైట్, 12 రాంగ్. కెమిస్ట్రీలో 19 రైట్, 11 రాంగ్. ఫిజిక్స్‌లో 14 రైట్, 20 రాంగ్. నెగెటివ్ మార్కులే ముంచాయి. నాన్నకు బట్టల షాపు. కర్నూలు మెడికల్ కాలేజీలో సీటు ఖాయమని షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఇప్పుడు నాతో మాట్లాడరు, ఏదున్నా అమ్మతో చెప్పిస్తారు. నా స్టేటస్‌లు మాత్రం చూస్తారు. లాంగ్ టర్మ్ ఫీజు మామ కడతానన్నాడు. నా బాధా, మళ్ళీ రాస్తానన్న మాటా తెలిసేలా మంచి క్యాప్షన్ చెప్పండి."

క్యాప్షన్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ. నువ్వు ఆ స్టేటస్ పెట్టాలనుకుంటున్నది ఫ్రెండ్స్ కోసం కాదు. నాన్న చూస్తారని. పక్క గదిలో ఉన్న మనిషికి ఫోన్‌లో చెప్పుకోవాల్సి వస్తోందంటే, ముందు చూడాల్సింది అదే.

నాన్న మొహం చాటేస్తున్నది నీ మార్కుల వల్ల కంటే, షాపులో కూర్చుంటే "పాపకు సీటొచ్చిందా" అని రోజూ అడిగే నోళ్ళ వల్ల అనుకుంటాను. ఆ మాట వాళ్ళకిచ్చింది ఆయన, నువ్వు కాదు. దానికి నువ్వు క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. కానీ ఇంకో ఏడాది, ఇంకో ఫీజు అడుగుతున్నావు కాబట్టి, ఎక్కడ పోయిందో ఆయనకు లెక్క చెప్పాల్సిన బాధ్యత నీది. అమ్మను మధ్యలో నిలబెట్టకుండా, రాత్రి షాపు కట్టేసి వచ్చి ఆయన భోంచేశాక ఎదురుగా కూర్చుని చెప్పు.

వ్యాపారం చేసే మనిషికి లెక్క అర్థమవుతుంది. అయితే ఆ లెక్క ముందు నీకు సరిగ్గా తెలియాలి. నెగెటివ్ మార్కులు ముంచాయన్నావు. మొత్తం 43 తప్పులు, అంటే పోయినవి 43 మార్కులు. ఆ ప్రశ్నలు ఒక్కటీ ముట్టుకోకుండా వచ్చుంటే నీకు 396 వచ్చేవి, అంతే. అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 90 ప్రశ్నల్లో నీకు సరిగ్గా వచ్చినవి 33. ఆ రెండింటికీ ఉన్న 360 మార్కుల్లో నీకు దక్కినవి 101. బయాలజీ ఒక్కటే 252 తెచ్చిపెట్టింది. ఈ మాట నాన్న దగ్గర దాచకు. "కష్టపడ్డాను నాన్నా, లక్ బాలేదు" అంటే ఆయన నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆయనతో మాట్లాడే ముందు ఒక పని చెయ్యి. క్వశ్చన్ పేపరు, నీ ఓఎంఆర్ కాపీ, ఫైనల్ కీ పక్కపక్కన పెట్టుకుని ఫిజిక్స్‌లో తప్పయినవీ వదిలేసినవీ మొత్తం 31 ప్రశ్నలు మళ్ళీ చెయ్యి. కీ చూడకుండా, గడియారం పెట్టుకోకుండా. తీరిగ్గా కూర్చుంటే సగానికి పైగా వచ్చాయంటే నీ లోపం వేగంలో ఉంది. లాంగ్ టర్మ్‌లో పెట్టే వరుస టెస్టులు దానికి పనికొస్తాయి. ఎంత సమయం తీసుకున్నా రాలేదంటే ఇంటర్ ఫస్టియర్ మెకానిక్స్ దగ్గరే పునాది లేదని అర్థం. అప్పుడు టెస్టుల మీద టెస్టులు రాసినా అవే తప్పులు మళ్ళీ వస్తాయి. మొదటి నుంచి కూర్చోబెట్టి చెప్పే మాస్టారు కావాలి. అలాంటివాళ్ళు హాస్టల్ బ్యాచ్‌లోనే దొరకాలని లేదు, ప్రొద్దుటూరులోనో కడపలోనో విచారించు. ఏది తేలినా నాన్నకు అదే చెప్పు. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, 2022 నుంచి గరిష్ఠ వయసు పరిమితీ లేదు. అలాగని ఏటేటా రాస్తూ పోతానంటే ఏ తండ్రికైనా భయమేస్తుంది. ఈ ఒక్క ఏడాదే అడుగు. డిసెంబరుకల్లా పాత పేపర్లలో ఫిజిక్స్ ఎన్ని మార్కులకు చేరితే కొనసాగుతావో, చేరకపోతే ఏ డిగ్రీలో చేరతావో ఇద్దరూ కలిసి అనుకోండి.

మామ డబ్బు మాత్రం ఇప్పుడే తీసుకోవద్దు. ఆయన మనసు మంచిదే కావచ్చు. కానీ నాన్నకు తెలియకుండా, ఆయన్ను అడగకుండా అమ్మ పుట్టింటి నుంచి నీ చదువుకు ఫీజు కట్టారంటే, ఇప్పుడు నీతో మానేసిన మాట రేపు అమ్మతోనూ మానేస్తారు. ముందు నాన్నను అడుగు. ఆయన చేతకాదంటే, మామను అడగాల్సింది ఆయనే. ఒక పూట కోప్పడతారు, పడనీ. నువ్వు లేచి వెళ్ళిపోకు.

ఇక క్యాప్షన్. నాన్నతో మాట్లాడాక కూడా పెట్టాలనిపిస్తే ఇంత చాలు: "ఈసారి సీటు రాలేదు. చాలా బాధపడ్డాను. ఫిజిక్స్ మొదటి నుంచి చదువుకుని మళ్ళీ రాస్తున్నాను." వచ్చే ఏడాది తెల్లకోటు అంటూ మాటివ్వకు, ఇంట్లో ఇప్పటికే అలాంటి మాట ఒకటి ఇబ్బంది పెడుతోంది. స్కోర్ కార్డు ఫొటో అస్సలు పెట్టకు. దాని మీద నీ అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ ఉంటాయి. అవి చేతికి దొరికితే "సీటు ఇప్పిస్తాం, అడ్వాన్స్ కట్టండి" అంటూ మోసగాళ్ళు మీ నాన్నకే ఫోన్ చేయగలరు. ఇంత పరువు బాధలో ఉన్న మనిషి అలాంటి మాట నమ్మే ప్రమాదం ఉంది. ఆ సంగతి కూడా ఆ రాత్రే ఆయన చెవిన వెయ్యి.