పొడవాటి మెయిల్‌ను ఫోన్‌లో చదివేవాళ్లకు ఎలా రాయాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున ఫ్లాట్ల వాళ్లందరికీ నెలనెలా మెయిల్ పెట్టేది నేనే. చెప్పాల్సినవి చాలా ఉంటాయి, తగ్గించి రాయలేను. అందరూ ఫోన్‌లోనే చూస్తారు, చూసి కూడా మళ్లీ నాకే ఫోన్ చేసి అడుగుతారు. పేరాలు, బుల్లెట్లు ఎలా పెట్టుకుంటే మేలు?

జవాబు: మా దగ్గర కూడా ఈ డ్యూటీ నాదేనండి, అందుకే చెబుతున్నా. బుల్లెట్ల కన్నా ముందు ప్రతి లైను మొదట్లో ఏముందో చూడండి. మనం మామూలుగా కారణం ముందు చెప్పి, మధ్యలో ‘కాబట్టి’ వేసి, చేయాల్సిన పని ఆఖర్న చెబుతాం. ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే అది బాగానే ఉంటుంది గానీ, బొటనవేలితో స్క్రీన్ పైకి తోసుకుంటూ పోయేవాళ్ల కన్ను లైన్ల మొదట్లోనే పడుతుంది, అక్కడ కారణాలు తప్ప ఏమీ కనిపించకపోతే పైకి తోసేస్తారు. ఈ పేరా చూడండి, మా బిల్డింగ్‌లో తిరిగే రకమే:

“ట్యాంకులు శుభ్రం చేయించి చాలా రోజులైనందున, నీళ్లు మట్టిగా వస్తున్నాయని కొందరు చెప్పినందున, 14వ తేదీ శనివారం మనుషులను పిలిపిస్తున్నాం కాబట్టి ఆ రోజు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు నీళ్లు రావు, అలాగే సంప్ మూత సెల్లార్‌లో ఉంది కాబట్టి దాని దగ్గర పెట్టే కార్లు ముందు రోజు రాత్రికే తీసేయగలరు.”

లాప్‌టాప్‌లో ఇది మూడు నాలుగు లైన్లే. ఫోన్‌లో మాత్రం గోడలా నిలబడుతుంది, పైగా తెలుగు మాటలు పొడుగు కాబట్టి లైనుకు నాలుగైదు పదాలు పడితే గొప్ప. కార్ల సంగతి అట్టడుగున ఉంది, అక్కడిదాకా ఎవరూ రారు. దాన్నే ఇలా మార్చండి:

14వ తేదీ శనివారం ట్యాంకుల క్లీనింగ్. మీరు చేయాల్సినవి రెండు:

• శుక్రవారం రాత్రి లోపు: సెల్లార్‌లో సంప్ మూత దగ్గరి కార్లు తీసేయండి.
• శనివారం ఉదయం 9 – మధ్యాహ్నం 1: నీళ్లు రావు, ముందే పట్టి పెట్టుకోండి.

ట్యాంకులు శుభ్రం చేయించి చాలా రోజులైంది, నీళ్లు మట్టిగా వస్తున్నాయని కొన్ని ఫ్లాట్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, అందుకే ఇప్పుడు చేయిస్తున్నాం.

విషయం అంతే ఉంది, ఏమీ తీసేయలేదు. ఎప్పుడన్నది ముందుకొచ్చింది, కారణం కిందికి పోయింది. తెలుసుకోవాలనుకునేవాళ్లు అది కూడా చదువుకుంటారు.

అలాగని అన్నిటికీ బుల్లెట్లు తగిలించకండి. మెయింటెనెన్స్ ఎందుకు పెంచుతున్నారో చెప్పాలనుకోండి: కరెంటు బిల్లు పెరిగింది, వాచ్‌మన్ జీతం పెరిగింది, లిఫ్ట్ రిపేరుకు నిల్వ డబ్బు వాడేశాం, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడిన సంగతులు. ముక్కలు చేస్తే ఎవరో ఒకరు ఒక్క ముక్క పట్టుకుని వాదనకు దిగుతారు (మా దగ్గర ఒకాయన ఉన్నారు లెండి). వాటిని రెండు మూడు వాక్యాల పేరాలుగా రాసి, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ లైను వదలండి. జవాబులు రావాల్సిన విషయాలైతే బుల్లెట్లు కాకుండా అంకెలు వేయండి, అప్పుడు “3కి ఓకే, 4కి కాదు” అని ఒక్క లైనులో తిరిగి రాస్తారు.

చుక్కలు, గీతలు చేత్తో టైప్ చేయొద్దు. అలా చేస్తే రెండో లైను వచ్చి గీత కిందికి చేరి, ఏది ఎక్కడ మొదలైందో కనిపించదు. కంప్యూటర్‌లో Gmail అయితే `Ctrl+Shift+8` నొక్కితే బుల్లెట్లు, `Ctrl+Shift+7` నొక్కితే అంకెలు వస్తాయి. బుల్లెట్ కింద మళ్లీ బుల్లెట్ పెట్టకండి, ఒక్కో మెట్టుకీ పక్కన చోటు పోయి చిన్న స్క్రీన్‌లో మాటలు ఇరుకున పడతాయి. టేబుళ్లదీ అదే గొడవ, నాలుగు కాలమ్‌ల లెక్కలుంటే విడిగా ఫైలుగా జత చేసి, చివర వచ్చే మొత్తం అంకె మాత్రం మెయిల్‌లో రాయండి. ఇక బోల్డ్ తేదీలకే చాలు, చిన్న అక్షరాల్లో వత్తులు మూసుకుపోయి చదవడం కష్టమవుతుంది.

Word లో రాసుకుని పేస్ట్ చేసే అలవాటుంటే `Ctrl+Shift+V` తో చేయండి. మామూలుగా పేస్ట్ చేస్తే కనిపించని ఫార్మాటింగ్ బోలెడు వెంట వస్తుంది, Gmail లో మెయిల్ దాదాపు 102 కేబీ దాటితే మిగతాది కత్తిరించి కింద `View entire message` అని చూపిస్తుంది. ఆ లింకు నొక్కేవాళ్లు తక్కువ. పేస్ట్ చేశాక బుల్లెట్లు మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది, అది తప్పదు.

అందరికీ పంపే ముందు మీకే పంపుకుని ఫోన్‌లో తెరవండి. వేలు కదపకుండా కనిపించే మొదటి స్క్రీన్‌లో వాళ్లు చేయాల్సిన పని, తేదీ లేకపోతే “గౌరవనీయులైన ఫ్లాట్ యజమానులకు నమస్కారములు” దగ్గర్నుంచి కోత మొదలుపెట్టండి.