పులావు మీద కలిపిన ఆవిరి మోసమవుతుందా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మాకు చిన్న హోటల్, పక్కనే బేకరీ కౌంటర్ ఉన్నాయి. కరపత్రం కోసం ఫోటోలు తీయిస్తే, ఫోటోగ్రాఫర్ రొయ్యల పులావు మీద ఆవిరిని కంప్యూటర్లో కలిపాడు. ఎగ్ పఫ్ చుట్టూ రాలిన పొరలు, పొడి చెరిపేశాడు. ఇది మోసమని, కన్స్యూమర్ కేసు వేస్తానని ఒక కస్టమర్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. నిజంగా తప్పేనా? కరపత్రం పంపుతున్నాను. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆవిరి విషయంలో మీరు టెన్షన్ పడనక్కర్లేదు. పఫ్ సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో సెక్షన్ 2(28) చెబుతుంది. వస్తువు స్వభావం, పరిమాణం, నాణ్యత గురించి కొనేవాళ్లు పొరబడేలా చేసేది అందులోకి వస్తుంది. ఫోటోని ఎడిట్ చేయకూడదని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. బొమ్మ చూసి మనిషి ఏం నమ్మాడు, డబ్బిచ్చాక అదే దొరికిందా అన్నదే లెక్క.

మీ హోటల్లో పులావు వేడిగానే వడ్డిస్తారు. ఫోటో తీసేటప్పుడు లైట్లు సర్దేలోగా ప్లేటు చల్లారిపోతుంది. ఉన్న కాస్త ఆవిరి కూడా వెనక నుంచి వెలుగు పడి, దాని వెనక ముదురు రంగు ఉంటే తప్ప కెమెరాకి సరిగ్గా ఆనదు. టేబుల్ దగ్గర కస్టమర్ ఎలాగూ చూసేదాన్నే మీ ఫోటోగ్రాఫర్ తిరిగి గీశాడు. రేపు గాజువాక దాకా డెలివరీ మొదలుపెట్టి, అదే ఫోటో కింద ‘పొగలు కక్కుతూ మీ గుమ్మం ముందుకి’ అని అచ్చు వేయిస్తే మాత్రం ఆ ఆవిరి మీరిచ్చిన మాట అయిపోతుంది. చల్లారిన డబ్బా అందుకున్నవాడు ఆ కరపత్రాన్నే సాక్ష్యంగా తెస్తాడు.

ఇక పఫ్. ప్లేటు అంచున రాలిన పొడి తుడవడం మామూలుగా అయితే బల్ల తుడవడం లాంటిదే. కానీ మీ కరపత్రంలో పఫ్ పక్కన ‘చొక్కా మీద ఒక్క పొర కూడా రాలదు’ అని ఉంది. సరదాకి రాసి ఉంటారు. కానీ ఫోటోలో పొరలు నిజంగానే రాలాయి, మీరు వాటిని చెరిపించి, రాలవని కింద రాశారు. అంటే మీ మాటకి రుజువుగా కనిపించే బొమ్మని తయారు చేశారు.

ఈ తేడాని అమెరికా సుప్రీంకోర్టు 1965లోనే విడమర్చింది. గరుకు కాగితాన్ని కూడా తమ షేవింగ్ క్రీమ్ మెత్తబరుస్తుందని, రాసిన వెంటనే గీసి చూపించింది కోల్గేట్-పామోలివ్ టీవీ ప్రకటన. అక్కడున్నది కాగితం కాదు, ప్లాస్టిక్ పలక మీద చల్లిన ఇసుక. అసలు కాగితం దాదాపు 80 నిమిషాలు నానితే గానీ అలా రాదు. కోర్టు తప్పు పట్టింది. లైట్ల వేడికి ఐస్‌క్రీమ్ కరుగుతుందని బదులుగా ఉడికించి మెదిపిన బంగాళాదుంప పెడితే అదీ మోసమేనా అన్న ప్రశ్న ఆ కేసులోనే వచ్చింది. దాన్ని దేనికీ రుజువుగా చూపించనంతవరకు ఫరవాలేదని, ఐస్‌క్రీమ్ నునుపునే చూడండని అమ్మితే అది వేరే కథ అని కోర్టు అంది. ఆ తీర్పు మన వినియోగదారుల కమిషన్లకు కట్టుబాటు కాదు గానీ, మీ పులావుకీ పఫ్‌కీ మధ్య ఉన్న గీత సరిగ్గా అదే.

కింద చిన్న అక్షరాల్లో ‘ఫోటో నమూనా మాత్రమే’ అని వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. తప్పుదోవ పట్టించే మాటని అలాంటి గమనికతో సరిదిద్దుకోలేరని 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ నాకు కనబడింది. పులావులో పైన కనిపించే రొయ్యలు పదమూడు. వాటిలో రెండు అచ్చు కవల పిల్లల్లా ఒకే వంపులో ఉన్నాయి! వంటమాస్టర్ ప్లేటుకి ఎన్ని వేస్తాడో కనుక్కోండి. ఎనిమిదే అయితే ఆవిరి కంటే అదే పెద్ద తప్పు, ఎందుకంటే పరిమాణం గురించి చెప్పిన అబద్ధం అవుతుంది.

తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం సెక్షన్ 53 కింద కూడా గరిష్ఠం అంతే. వీధి కరపత్రానికి అంతదాకా పోతుందని నేను అనుకోను. మీ కస్టమర్ పఫ్ కొనకుండా, ఫోటో చూసి కోపం తెచ్చుకున్నవాడే అయితే జిల్లా కమిషన్‌లో పరిహారం అడగడం కూడా కష్టం.

మిగిలిన కరపత్రాలు పంచడం ఇవాళే ఆపండి. పఫ్ దగ్గర ఆ ఒక్క వాక్యం తీసేసి, రొయ్యలు సరిచేసి మళ్లీ అచ్చు వేయించండి, ఆవిరి ఉండనివ్వండి. ఫోటోగ్రాఫర్ దగ్గర ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైళ్లు తీసుకుని దాచండి. కమిషన్ నుంచి నోటీసు వస్తే అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, మహా అయితే ఇంకో 15 రోజులిస్తారు. ఆ కవరుని గల్లాపెట్టె కింద పెట్టి మర్చిపోయి, గడువు దాటాక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.